ఇంకుడు గుంతను పూడ్చకుండా దోమను ఆపడం: మా అపార్ట్‌మెంట్ పని డైరీ

మే మూడో వారం

మాది హైదరాబాద్ శివార్లలో పది ఫ్లాట్ల అపార్ట్‌మెంట్. ఇక్కడ నీళ్లు పోవడానికి మూడు దారులున్నాయి. డాబా మీద పడ్డ వాన నీళ్లు ఉత్తరం వైపు ఇంకుడు గుంతలోకి పోతాయి, దాని ముందు మట్టి ఆగడానికి ఒక చిన్న చాంబర్ ఉంది. కింద బట్టలు ఉతికే చోటు నుంచి, గిన్నెలు తోమే చోటు నుంచి వచ్చే వాడకం నీళ్లు వెనక వైపు సిమెంటు వరలు దించిన గుంతలోకి పోతాయి. ఆ రెండింట్లో పట్టనివి గేటు ముందు వీధి కాలువలోకి. పోయిన వానాకాలం బిల్డింగ్‌లో ఇద్దరు పిల్లలకు డెంగీ వచ్చింది, ఒకరిని ఆస్పత్రిలో చేర్చాల్సి వచ్చింది, దాంతో ఇంకుడు గుంతను మట్టి పోసి పూడ్చేద్దామని మీటింగులో గట్టిగానే అడిగారు. పూడ్చితే ఎండాకాలం బోరు ఏమవుతుందో అందరికీ తెలుసు, కానీ పిల్లల జ్వరం ముందు ఆ మాట ఎవరికీ ఎక్కదు, ఎక్కకపోవడం న్యాయమే. అందుకే వానలు పడకముందే పని మొదలుపెట్టాం. ముందు దోమ ఏ నీళ్లలో పుడుతుందో తేల్చాలి, ఆ తర్వాత ఆ నీళ్లు నిలిచే కట్టడం మార్చాలి.

ఏ నీళ్లలో ఏ దోమ అన్నది ఈ పనికి మొదటి మెట్టు. డెంగీ తెచ్చే ఏడిస్ దోమకు కాస్త తేటగా ఉన్న నిలవ నీళ్లు కావాలి, పగలు కుడుతుంది, పుట్టిన చోటు నుంచి ఎక్కువ దూరం పోదు. రాత్రి చెవి దగ్గర పాడేది చాలావరకు క్యూలెక్స్, దానికి సబ్బు నీళ్లు, మురుగు, సెప్టిక్ ట్యాంకు ఇష్టం, అది కిలోమీటరు దాకా కూడా ఎగిరి వస్తుంది, బోదకాలు తెచ్చేది కూడా అదే. మలేరియా తెచ్చే అనాఫిలిస్‌లో పట్టణాల్లో ఉండే రకం ఓవర్‌హెడ్ ట్యాంకుల్లో, బావుల్లో పెరుగుతుంది. ఈ తేడా చిన్నది కాదు. 1897 ఆగస్టు 20న ఇదే సికింద్రాబాద్‌లో రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని చూడగలిగాడు, అంతకుముందు రెండేళ్లపాటు ఆయన కోసి చూసినవి ఎక్కువగా మలేరియాను మోయని రకం దోమలే.

ఇప్పుడు ఎండాకాలం కాబట్టి ఇంకుడు గుంత, దాని చాంబర్ ఎండిపోయి ఉన్నాయి. వెనక గుంత మాత్రం నిండుగా ఉంది. మూత రెండు ముక్కల బండ, మధ్యలో రెండు వేళ్లు దూరే సందు. పక్కన వెంట్ పైపు, పైన ఏ జాలీ లేదు. మూత తీసి టార్చి వేస్తే గోడల నిండా దోమలు వాలి ఉన్నాయి, వెలుగు పడగానే ఒక్కసారిగా లేచాయి. కర్రకు కట్టిన తెల్ల ప్లాస్టిక్ మగ్గుతో పైపొర నీళ్లు తీశాం. నల్లటి మసి రేణువుల్లా తేలుతున్నవి క్యూలెక్స్ గుడ్ల గుంపులు, ఒక్కోదాంట్లో వంద నుంచి మూడు వందల దాకా గుడ్లు ఉంటాయి. లార్వాలు తల కిందికి పెట్టి ఏటవాలుగా వేలాడుతూ, తోక దగ్గరున్న పొడుగాటి గొట్టంతో పైనుంచి గాలి పీలుస్తున్నాయి. కామా ఆకారంలో ముడుచుకుని ఉన్నవి ప్యూపాలు. మగ్గులో ప్యూపాలు కనిపించాయంటే ఆ నీళ్లలో దోమ మొత్తం చక్రం పూర్తి చేస్తోందనే అర్థం. లార్వాలు మాత్రమే ఉంటే ఇంకా కొన్ని రోజుల వ్యవధి ఉన్నట్టు.

రాత్రి వెంట్ పైపుకు పాత దోమతెర గుడ్డతో సంచి కుట్టి బిగించి కట్టాం. పొద్దున వాచ్‌మన్ యాదవ్వ ముందు చూసి పిలిచింది.

"సార్, జర ఇటు రాండ్రి, సంచి నిండ దోమలే ఉన్నయి. ఇవన్నీ దీన్లకెల్లే వస్తున్నయా?"

ఆ సంచిని చూపించాక అసోసియేషన్‌లో ఎవరికీ వేరే వివరణ అవసరం పడలేదు. నీళ్లలోకి తొంగిచూసి లెక్కపెట్టడం కంటే ఈ సంచి పద్ధతి మేలు, ఏ రంధ్రం నుంచి ఎన్ని బయటికి వస్తున్నాయో నేరుగా తెలుస్తుంది. ఏ గుంతకైనా, ఏ సెప్టిక్ ట్యాంకుకైనా చేసి చూడొచ్చు.

మే చివరి వారం

ఇంకుడు గుంత ఎంత తాగుతుందో పరీక్షించాం. గుంత రెండు మీటర్ల పొడవు, మీటరున్నర వెడల్పు, రెండు మీటర్ల లోతు. కట్టినప్పుడు కింద సగం వరకు రాళ్లు వేసి పైసగం ఖాళీగా వదిలేశారు, పైన స్లాబు, దాంట్లో ఒక మూత. హైదరాబాద్‌లో చాలా గుంతలు ఇలాగే ఉంటాయి, ఖాళీ ఉంటే నీళ్లు ఎక్కువ పడతాయన్న ఆలోచనతో. ఒక ట్యాంకర్ నీళ్లు తెప్పించి నింపాం, గుర్తులు పెట్టిన వెదురు బద్దను మూతలోంచి దించి పొద్దున సాయంత్రం చూస్తూ వచ్చాం.

మొదటి రోజు గబగబా దిగాయి. రెండో రోజు నుంచి మందగించింది. రాళ్ల పైన కనిపించే నీళ్లు పోవడానికి నాలుగు రోజులు పట్టింది, రాళ్ల మధ్యలో అడుగున జానెడు నీళ్లు వారం దాటినా కదల్లేదు. కారణం తవ్వితే తెలిసింది. అడుగు రాళ్ల మధ్య మెత్తటి ఒండ్రు పేరుకుని ముద్దలా బిగిసిపోయింది. పక్క గోడల నుంచి ఇంకడమే తప్ప అడుగు నుంచి ఏమీ పోవడం లేదు. పక్క గోడలు ఎర్రమట్టి, మీటరున్నర కిందికి మొరం తగులుతుంది, ఆ మొరం చక్కగా తాగే నేల, కానీ దాని మీదే ఈ ముద్ద కూర్చుంది.

నాలుగు రోజులన్నది ఒంటరిగా చూస్తే పరవాలేదు. మన వేడికి గుడ్డు నుంచి ఎగిరే దోమ దాకా రావడానికి ఏడు నుంచి పది రోజులు పడుతుంది, కాబట్టి మూడు రోజుల్లో ఇంకిపోయే గుంతలో దోమ పెరగలేదు. సమస్య జూలై ఆగస్టుల్లో వస్తుంది. నాలుగు రోజులు గడవకముందే ఇంకో వాన పడితే నీళ్లు అసలు ఎండవు. పైసగం ఖాళీ, లోపల చీకటి, చల్లదనం, మూత సందు, డాబా నుంచి దిగే పైపు దారి, దోమకు ఇంతకంటే ఏం కావాలి. పైపు నిలువుగా ఉంది కదా అందులోంచి దోమ ఎలా వస్తుంది అని పైఫ్లోర్ పెద్దాయన అడిగారు. వస్తుంది, దిగే పైపుల్లోంచి, వెంట్ పైపుల్లోంచి దోమ అలవోకగా రాకపోకలు చేస్తుంది. వెనక గుంత సంచి నిండింది ఆ దారినే.

జూన్ రెండో వారం

గుంత మొత్తం ఖాళీ చేయించాం. రాళ్లు బయటికి తీసి కడిగి ఆరబెట్టాం, అడుగున ఒండ్రు ముద్ద మొరం కనిపించేదాకా తీసేశాం. ఇది చాలామంది చేయరు, పై నుంచి కొత్త కంకర పోసి మూసేస్తారు, అప్పుడు అడుగు బిగుసుకుపోయిన సంగతి అలాగే ఉంటుంది.

తిరిగి నింపేటప్పుడు పైసగం ఖాళీ వదల్లేదు. అడుగు నుంచి పెద్ద రాళ్లు, వాటి మీద 40 ఎంఎం కంకర, ఆపైన 20 ఎంఎం, చివర దొడ్డు ఇసుక. గుంత అంచుకు ఒక అడుగు కింద వరకు వచ్చింది. 20 ఎంఎం, ఇసుక కలిపి పైపొర కనీసం ఒక అడుగు మందం ఉండాలని మేస్త్రీకి గట్టిగా చెప్పాం. పెద్ద రాళ్ల మధ్య సందుల్లోంచి దోమ కిందికి దిగి నీటి మట్టం చేరగలదు, చిన్న కంకర మీద ఇసుక ఉంటే ఆ దారి మూసుకుపోతుంది. కింద నీళ్లు పది రోజులు నిలిచినా దోమకు నీటి ఉపరితలం చిక్కదు, లార్వాకు పైకొచ్చి గాలి పీల్చే చోటూ ఉండదు. ఇంకడం ఆలస్యమయ్యే రోజులకు ఇదే మా రక్షణ.

దీనికి చెల్లించే ధర ఉంది. రాళ్ల మధ్య ఖాళీ దాదాపు నలభై శాతమే. ముందు ఈ గుంతలో పైసగం ఖాళీతో కలిపి 4200 లీటర్లు పట్టేవి, ఇప్పుడు రెండు వేల లీటర్లు మాత్రమే. మా డాబా రెండు వందల చదరపు మీటర్లు, 25 మిల్లీమీటర్ల వాన పడితే, తడి పీల్చుకున్నది, చిమ్మిపోయింది తీసేసినా, 4250 లీటర్లు దిగుతాయి. అంటే రాళ్లు నింపగానే సగం వాన కాలువపాలు. కాబట్టి తూర్పు వైపు అదే కొలతలతో రెండో గుంత తవ్వించాం, డాబా పైపుల్లో సగం దానికి తిప్పాం. రెండూ కలిపి నాలుగు వేల లీటర్లు దాటుతుంది, వాన పడుతుండగానే ఇంకేది అదనం. రాళ్లతో నింపమని చెప్పే ప్రతి ఒక్కరూ ఈ లెక్క కూడా చెప్పాలి, లేకపోతే దోమ పోయిందని సంతోషించేలోపు గేటు ముందు నీళ్లు నిలుస్తాయి.

తవ్విన రెండో గుంతలో ఒక పక్క నల్లమట్టి పొర తగిలింది. నల్లమట్టి తడిస్తే ఉబ్బి సందులు మూసేసుకుంటుంది, ఇంకడం దాదాపు ఆగిపోతుంది. ఆ పొర దాటి మొరం వచ్చేదాకా ఇంకో రెండు అడుగులు దిగాం, దిగిన మేర కూడా రాళ్లతోనే నింపాం. మొత్తం స్థలమంతా నల్లరేగడి అయి, కింద మొరం అందని చోట మాత్రం ఇంకుడు గుంత మీద పట్టుదలకు పోకూడదు. అక్కడ సంపులో పట్టి వాడుకోవడమే దారి, దానికి బిగుతైన మూత తప్పనిసరి.

జూలై మొదటి వారం

వానలు పట్టుకున్నాయి. రెండు గుంతల్లో కంకర పైన నీళ్లు కనిపించడం లేదు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. కానీ ఫస్ట్ ఫ్లోర్ అక్క, "పొద్దున పది గంటలకే పిల్లల కాళ్లు కుడుతున్నాయండీ, కాళ్ల మీద తెల్ల చారలున్న దోమే" అని చెప్పింది. పగటి దోమ అంటే ఏడిస్, అంటే దగ్గర్లోనే తేట నీళ్లున్నాయి. ముందు పూలకుండీల పళ్లేలు, కూలర్లు, పైన పాత టైరు, అన్నీ చూశాం, కొన్ని దొరికాయి, తీసేశాం. ఆ తర్వాత మట్టి పట్టే చాంబర్ మూత ఎత్తాం.

అసలు సంగతి ఇక్కడుంది. ఈ చాంబర్ అరవై సెంటీమీటర్ల చదరం, గుంతలోకి పోయే పైపు అడుగు నుంచి ముప్పై సెంటీమీటర్ల ఎత్తులో ఉంది. మట్టి అడుగున పేరుకోవాలి, తేట నీళ్లు పైనుంచి పోవాలి అన్నది ఉద్దేశం. ఆ ఉద్దేశం వల్లే ప్రతి వాన తర్వాత ఆ పైపు కింద నూరు లీటర్లకు పైగా నీళ్లు ఎటూ పోకుండా నిలుస్తాయి. అడుగున సిమెంటు, నాలుగు పక్కలా సిమెంటు, పైన మూత. గుంత ఎంత బాగా ఇంకినా ఈ నూరు లీటర్లు ఇంకవు. మట్టి దిగిపోయాక పైన తేట నీరు, డాబా నుంచి వచ్చిన ఆకులు కుళ్లి లార్వాలకు తిండి. టార్చి వేస్తే వందల లార్వాలు ఒక్కసారిగా కిందికి మునిగాయి. ఇంకుడు గుంత అంటే డెంగీ అని భయపడేవాళ్లు నిజానికి భయపడాల్సింది గుంతకు ముందున్న ఈ చిన్న డబ్బాకు. నేను చూసినంతవరకు ఎక్కువ ఇళ్లలో తప్పు ఇక్కడే ఉంటుంది, ఎవరూ మూత తీసి చూడరు.

అవి ఏడిస్ అవునో కాదో తేల్చడానికి కొన్ని ప్యూపాలను సీసాలో వేసి మూతికి దోమతెర గుడ్డ కట్టాం. రెండు మూడు రోజుల్లో పెద్ద దోమలు బయటికొచ్చాయి, సీసాను ఫ్రిజ్ పైఅరలో పెట్టి భూతద్దంతో చూస్తే నల్లటి ఒళ్లు, కాళ్ల మీద తెల్ల పట్టీలు, వీపు మీద వెండి గీతలు. అనుమానం తీరింది.

వెంటనే చాంబర్ తోడించాం. తోడించడంతో సరిపోదు, గోడలు గట్టి బ్రష్‌తో రుద్దాలి. ఏడిస్ గుడ్లను నీటి మీద వదలదు, నీటి గీతకు కాస్త పైన తడి గోడకు ఒక్కొక్కటిగా అంటిస్తుంది. అవి నెలల తరబడి ఎండినా బతికి ఉంటాయి, మళ్లీ నీళ్లు తగలగానే పొదుగుతాయి. మే నెలలో ఎండిపోయి శుభ్రంగా కనిపించిన ఈ చాంబర్ గోడలకు నిరుటి గుడ్లు అప్పటికే ఉండి ఉంటాయి. రుద్దిన నీళ్లను కూడా గుంతలో పోయకుండా ఎండ తగిలే గచ్చు మీద పారబోశాం.

జూలై మూడో వారం

చాంబర్‌కు మార్పు. అడుగున సిమెంటు పగలగొట్టించాం. కింద అడుగున్నర లోతు తవ్వి 20 ఎంఎం కంకర నింపి, పైన ఒక బెత్తెడు దొడ్డు ఇసుక పరిచాం. ఇప్పుడు వాన పడేటప్పుడు చాంబర్ నిండి పైపు ద్వారా గుంతకు పోతుంది, వాన ఆగాక మిగిలిన నూరు లీటర్లు ఇసుకలోంచి దిగిపోతాయి. మొదటి పరీక్షలో సాయంత్రం నిండింది పొద్దునకల్లా ఖాళీ. చాంబర్ గోడకు ఆనుకుని పునాది ఉంటే ఈ పద్ధతి వద్దు, మాది పునాదికి రెండు మీటర్ల దూరంలో ఉంది. దగ్గరగా ఉంటే సిమెంటు అడుగునే ఉంచి, చాంబర్ అడుగు మట్టానికి ఒక చిన్న పైపు ముక్క వేసి బయట కంకర గుంటలోకి కారేలా చేయాలి.

ఇసుక మీద మట్టి పొర కడుతుంది, అది కట్టిన రోజు నుంచి చాంబర్ మళ్లీ పాత డబ్బాయే. అందుకని డాబా పైపు దిగే చోట చిల్లుల బుట్ట వేలాడదీశాం, ఆకులు, చెత్త అందులో ఆగుతాయి. ఇసుక పైపొర రెండు వేళ్ల మందం గీరి తీసి కొత్త ఇసుక వేసే పని యాదవ్వ చూసుకుంటుంది, దానికి ఆమెకు వేరే డబ్బులు. గుర్తు కూడా తేలికే. వాన పడ్డ మర్నాడు సాయంత్రానికి ఇసుక మీద నీళ్లు కనిపిస్తే గీరాల్సిన సమయం వచ్చింది.

డాబా మీద నుంచి వచ్చే తొలి వాన మురికిని పక్కకు తీసే నిలువు పైపు ఒకటి ఉంది, చివర బిగుతు మూత. అదీ నిలవ నీటి గొట్టమే. మూతకు మూడు మిల్లీమీటర్ల చిల్లు వేశాం, చుక్క చుక్కగా కారి ఒక రోజులో ఖాళీ అవుతుంది.

జాలీ విషయంలో ఒక మాట. వాన నీళ్లు లోపలికి వచ్చే నోటికి సన్న జాలీ బిగిస్తే ఆకులు అడ్డుపడి డాబా మీదే నీళ్లు నిలుస్తాయి, అదే ఇంకో దోమల మడుగు. జాలీ ఉండాల్సింది గాలి పైపులకు, పొంగిపోయే నీళ్ల పైపు నోటికి. కన్ను ఒకటింపావు మిల్లీమీటర్ కంటే సన్నగా ఉండాలి. కిటికీలకు వేసే నైలాన్ జాలీ సరిపోతుంది, కానీ ఎండకు పెళుసెక్కుతుంది, కాబట్టి పైన స్టెయిన్‌లెస్ స్టీల్ జాలీనే వాడాం.

ఆగస్టు

వెనక వాడకం నీళ్ల గుంత. ఇది వాన గుంత లాంటిది కాదు, రోజూ నీళ్లు వస్తాయి కాబట్టి మూడు రోజుల్లో ఎండాలన్న సూత్రం దీనికి పనికిరాదు. నాలుగు అడుగుల వరలు, ఎనిమిది అడుగుల లోతు. చుట్టూ మట్టికి తగిలే గోడ తొమ్మిది చదరపు మీటర్లు. రోజుకు దాదాపు ఆరు వందల లీటర్లు వస్తున్నాయి, అంటే చదరపు మీటరుకు అరవై లీటర్లకు పైనే. సబ్బు, నూనె జిడ్డు పట్టిన ఎర్రమట్టి అంత తాగలేదు. అందుకే ఎప్పుడూ నిండుగా ఉంది, నిండితే ఎవరో ఒకరు దాన్ని ఇంకుడు గుంతకు కలిపేద్దాం అంటారు. ఆ ఒక్క పని చేయకూడదు. జిడ్డు వాన గుంతనూ బిగించేస్తుంది, మురుగు బోరు వైపు వెళ్తుంది, పైగా ఏడిస్‌తో పాటు క్యూలెక్స్‌కు కూడా అక్కడ చోటు దొరుకుతుంది.

మేం చేసింది తాగే నేలను పెంచడం. ప్రహరీ వెంట ఎనిమిది మీటర్ల పొడవున, అడుగున్నర వెడల్పు, రెండు అడుగుల లోతు కందకం తవ్వి, చిల్లుల పైపు పరిచి కంకర నింపి, పైన ప్లాస్టిక్ పట్టా, దాని మీద మట్టి కప్పాం. అడుగు, పక్కలు కలిపి మరో పదమూడు చదరపు మీటర్ల నేల వచ్చింది. ఇప్పుడు చదరపు మీటరు మీద పడే భారం సగానికి తక్కువ. కందకం వెంట అరటి, మెట్ట తామర పెట్టాం, అవి తాగేది కొంత ఉంటుంది, అంతా అవే తాగేస్తాయని మాత్రం అనుకోవద్దు. గిన్నెలు తోమే చోట మెతుకులు, జిడ్డు ఆగే చిన్న చాంబర్ కట్టాం, అది నిలవ నీళ్లే కాబట్టి రబ్బరు అంచుతో బిగుసుకునే ఇనుప మూత పెట్టాం.

గుంత మూత సందులు సిమెంటుతో పూడ్చాం, ఒక్క చిన్న తలుపు వదిలాం. వెంట్ పైపుకు జాలీ. నీటి మీద తెల్ల థర్మోకోల్ పూసలు పోశాం, రెండు మూడు మిల్లీమీటర్లవి, వేలెడు మందం పొర. నీళ్లు పైకీ కిందికీ కదిలినా పూసలు వాటితోనే తేలుతూ ఉపరితలం మూసేస్తాయి, లార్వా గాలి పీల్చలేదు, ఆడ దోమకు గుడ్డు పెట్టే చోటు కనిపించదు. జాంజిబార్‌లో మకుందూచి అనే ఊళ్లో 1980ల చివర బోదకాలు నివారణలో భాగంగా గుంత మరుగుదొడ్లలో ఇలాగే పోశారు, అక్కడ పూసలు ఏళ్ల తరబడి నిలిచాయి. ఒకే షరతు, నాలుగు గోడల మధ్య మూసి ఉన్న నీళ్లలోనే పోయాలి. పొంగిపోయే గుంతలో గానీ కాలువలో గానీ పోస్తే కొట్టుకుపోయి చెత్త అవుతాయి. మా గుంత నుంచి కందకానికి పోయే పైపుకు టీ ఆకారపు ముక్క పెట్టి నీటి మట్టానికి అడుగు కింద నుంచి తీసుకునేలా చేశాం, అందుకే పూసలు కదలవు. టీ పైచివరకు కూడా మూత బిగించాం.

కొత్తగా కట్టేవాళ్లైతే ఈ పూసల దాకా రానక్కర్లేదు. మన పక్కనే ఉన్న నాందేడ్ జిల్లా పల్లెల్లో ఇంటింటికీ చేసే పద్ధతి ఉంది, నాలుగడుగుల గుంత, మధ్యలో చిల్లుల సిమెంటు తొట్టి, చుట్టూ రాళ్లు, పైన పట్టా కప్పి మట్టి. వాడకం నీళ్లు తొట్టిలో పడి చిల్లుల్లోంచి రాళ్లలోకి పోతాయి, పైకి ఏమీ కనిపించదు. ఒక కుటుంబానికి అది చాలు, పది ఫ్లాట్లకు చాలదు.

సంచి మళ్లీ కట్టాం. ఈసారి జాలీ తీసి కట్టాం, లోపల నిజంగా ఆగిందో లేదో తెలియాలి కదా. మొదటి వారం కొన్ని దోమలు పడ్డాయి, అవి అప్పటికే గోడల మీద వాలి ఉన్నవి, పూసలు పోసేనాటికి ప్యూపా దశలో ఉండి తప్పించుకున్నవి. ఆ తర్వాత సంచి ఖాళీ.

సెప్టెంబర్

రాత్రి దోమ తగ్గింది కానీ పోలేదు. మిగిలింది వీధి కాలువ. అడుగున్నర వెడల్పు, బల్లపరుపు అడుగు. చలికాలం, ఎండాకాలం నీళ్లు తక్కువ కాబట్టి ఆ వెడల్పంతా పరుచుకుని సన్న పొరగా కదలకుండా ఉంటాయి, మట్టి దిబ్బలు కట్టి వాటి మధ్య మడుగులు.

మేస్త్రీ, నేను లెవెల్ పైపు పట్టుకుని గేటు నుంచి మూల మీద పెద్ద కాలువ దాకా వాటం చూశాం. మొత్తం మీద వాటం ఉంది, ముప్పై మీటర్లకు జానెడు దిగుతుంది. కానీ నీళ్లు పారడం లేదు. కారణం కార్లు ఎక్కే ర్యాంపులు. ప్రతి ఇంటి ముందు కాలువ మీద కాంక్రీటు పోసేటప్పుడు కింద ఒక పైపు పెట్టారు, ఆ పైపు అడుగు కాలువ అడుగు కంటే నాలుగు వేళ్లు ఎత్తున కూర్చుంది. ప్రతి పైపు ఒక చిన్న ఆనకట్ట. దాని ఎగువన ఆ నాలుగు వేళ్ల నీళ్లు ఏడాది పొడవునా నిలుస్తాయి. మగ్గు ముంచి చూస్తే ర్యాంపు ఎగువన ప్రతి ముంపుకు ఇరవై ముప్పై లార్వాలు, అదే ర్యాంపు దిగువన నీళ్లు కదిలే చోట ఒకటీ అరా.

"పైన బండలేసి కప్పేస్తే పోద్ది గద సార్, వాసన గూడ రాదు" అన్నాడు మేస్త్రీ. పోదు. కింద నీళ్లు కదలనంత వరకు కప్పితే దోమకు నీడ, చల్లదనం ఇచ్చినట్టే, మందు కొట్టడానికీ, పూడిక తీయడానికీ దారి మూసుకుపోతుంది. ముందు వాటం, తర్వాతే మూత.

మా గేటు ముందు ర్యాంపు పగలగొట్టి పైపు తీసేశాం. దాని బదులు పక్కకు జరపగలిగే ఆర్‌సీసీ పలకలు వేశాం, కింద కాలువ అడ్డం లేకుండా పోతుంది. మా ముందున్న మేర అడుగున ఆరు అంగుళాల పైపును నిలువునా సగానికి కోసిన ముక్కలు మధ్యలో కూర్చి, రెండు పక్కలా కాంక్రీటును మధ్యకు వాలేలా పోశాం. ఇప్పుడు రెండు చెంబుల నీళ్లు వచ్చినా అరచేతి వెడల్పులో గుంపుగా పారతాయి, మట్టిని తోసుకుంటూ పోతాయి. పెద్ద వానకు మొత్తం వెడల్పూ పనికొస్తుంది. పూడిక తీసినప్పుడు ఆ బురదను గట్టు మీద వదలకూడదు, తర్వాతి వానకు అదే మళ్లీ కాలువలోకి జారుతుంది. అదే రోజు ఎత్తిస్తున్నాం.

మున్సిపాలిటీ వాళ్లు కాలువలో వాడిన ఇంజిన్ ఆయిల్‌లో నానబెట్టిన రంపపు పొట్టు ఉండలు వేశారు. కదలని మురుగులో అవి కొన్నాళ్లు పనిచేస్తాయి, నూనె పొర లార్వాకు గాలి అందనివ్వదు. కానీ ఇంకుడు గుంతల్లో కూడా వేయబోతుంటే వద్దని చెప్పాం, వాళ్లూ అర్థం చేసుకున్నారు. అందులో వేసింది నేరుగా భూగర్భ జలంలోకి పోతుంది. గుంతలో లార్వాలు దొరికితే వాడదగ్గది బీటీఐ అనే బ్యాక్టీరియా పొడి, అది దోమ లార్వాల పొట్టలో పనిచేస్తుంది. ప్యూపాలు ఏమీ తినవు కాబట్టి వాటి మీద పనిచేయదు, మగ్గులో ప్యూపాలు కనిపించాక వేస్తే ఆ విడత దోమలు ఎగిరిపోతాయి.

అక్టోబర్ రెండో వారం

వానలు తగ్గాయి. చాంబర్‌లో సెప్టెంబర్ అంతా లార్వా కనిపించలేదు, ఒక్క వారం తప్ప. ఆ వారం బుట్ట తీసి కడిగి తిరిగి పెట్టలేదు, ఆకులు ఇసుక మీద చాపలా పరుచుకుని నీళ్లు ఆపాయి. ఫస్ట్ ఫ్లోర్‌లో పగటి దోమ గురించి ఎవరూ చెప్పడం లేదు. ఈ ఏడాది బిల్డింగ్‌లో డెంగీ రాలేదు, అయితే ఒక్క ఏడాదితో అది మా పని వల్లే అని చెప్పలేం, పిల్లలు బడిలో, పక్క వీధిలో కూడా తిరుగుతారు.

పాత గుంత నిండిన రోజు నుంచి రెండున్నర రోజుల్లో అడుగుదాకా దిగుతోంది. కొత్త గుంత సెప్టెంబర్ చివర మందగించింది. బద్ద దించి చూస్తే మూడు అడుగుల దగ్గర నీళ్లు ఆగి ఉన్నాయి, ఈ పక్క రాతి పొర పైకే ఉన్నట్టుంది, దాని మీద ఊట నీళ్లు లేచాయి. చుట్టూ నేల తడితో నిండిపోయాక ఏ గుంతా ఇంకదు. పైన ఇసుక, కంకర పొర ఉంది కాబట్టి మగ్గు ముంచడానికి నీళ్లే దొరకలేదు, కొలత కోసం దించిన పైపుకు మాత్రం మూత వదులుగా ఉంది, దాన్ని మార్చాం.

ఇక మిగిలింది దిగువ ఇంటి ర్యాంపు. మా ముందు నీళ్లు పారుతున్నాయి, పారి ఆ పైపు దగ్గర ఆగుతున్నాయి, లార్వాలు ఇప్పుడు అక్కడ ఉన్నాయి. ఆ ఇంటాయనకు మగ్గు ముంచి చూపించాం, సంక్రాంతి తర్వాత కారు బయట పెట్టుకుని పగలగొట్టిస్తానన్నారు, పలకల ఖర్చు సగం అసోసియేషన్ పెట్టుకుంటుంది. క్యూలెక్స్ ఫిబ్రవరి, మార్చిలో బాగా పెరుగుతుంది కాబట్టి జనవరి దాటకూడదు. అప్పటిదాకా ఆ మడుగును వారానికోసారి చీపురుతో దిగువకు తోయడానికి మనిషిని మాట్లాడాం.